క్యాష్‌బ్యాక్ పడలేదా? ముందు బాకీ ఎవరిదో తేల్చుకోండి

దసరా సేల్‌లో వాషింగ్ మెషీన్ కొంటాం. ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుతో కొంటే 10 శాతం వెనక్కి ఇస్తామని ఫోన్ తెర నిండా రాసి ఉంటుంది. ఆ కార్డుతోనే కొంటాం, సరుకు ఇంటికొస్తుంది, నెల తిరగ్గానే బిల్లు కట్టేస్తాం. దీపావళి వెళ్తుంది, సంక్రాంతి వస్తుంది, ఆ 10 శాతం మాత్రం రాదు. షాపింగ్ సైటు వాళ్లను అడిగితే ‘అది బ్యాంకు ఆఫర్ అండీ, బ్యాంకుకు ఫోన్ చేయండి’ అంటారు. బ్యాంకుకు చేస్తే ‘సైటు నుంచి మాకు వివరాలు రాలేదు సార్’ అంటారు. వెయ్యికో రెండు వేలకో ఇంత తిరుగుడు ఎందుకులే అని చాలామంది అక్కడితో వదిలేస్తారు.

ఆ డబ్బు వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు. షరతులు పెట్టి మన చేత కొనిపించారు, ఆ షరతులు మనం తీర్చాం. ఇక అది బాకీ. కాకపోతే బాకీ ఎవరిదో, ఏ తారీఖుకు తీర్చాలో, రుజువుగా మన దగ్గర ఏముందో తెలియకుండా అడిగితే పని జరగదు. అడిగినవాళ్లకు కూడా తరచూ రాకపోవడానికి కారణం ఇదే.

క్యాష్‌బ్యాక్ అని మనం ఒకే మాటతో పిలుస్తాం గానీ ఇచ్చే చేతులు వేరు. షాపింగ్ యాప్ తన వాలెట్‌లో వేసేది ఒకటి. దానికి పూచీ యాప్‌దే, సాధారణంగా రిటర్న్ గడువు దాటగానే పడిపోతుంది. క్యాష్‌బ్యాక్ వెబ్‌సైట్లు ఇచ్చేది ఇంకొకటి. మనం వాళ్ల లింకు నొక్కి దుకాణానికి వెళ్తే, ఆ దుకాణం వాళ్లకు ఇచ్చే కమిషన్లో కొంత మనకు పంచుతారు. ఇందులో అంతా లింకు గుర్తు మీద నడుస్తుంది. ముందే కార్ట్‌లో వేసుకున్న సరుకు కొన్నా, మధ్యలో ఇంకో సైటు నుంచి కూపన్ కోడ్ తెచ్చి పెట్టినా, బ్రౌజర్లో యాడ్ బ్లాకర్ ఉన్నా ఆ గుర్తు చెరిగిపోయి, మన ఆర్డరు వాళ్ల లెక్కలోకే వెళ్లదు. రెండు మూడు రోజుల్లో వాళ్ల సైటులో ఆర్డరు కనబడకపోతే, అక్కడే ‘మిస్సింగ్ క్యాష్‌బ్యాక్’ అనే చోట ఆర్డర్ నంబరు, మొత్తం, తేదీ ఇచ్చి ఫిర్యాదు పెట్టాలి. దానికీ గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేస్తే తీసుకోరు.

మూడోది బ్యాంకు కార్డు ఆఫర్. పెద్ద మొత్తాలు ఇందులోనే ఉంటాయి, తగాదాలూ ఇందులోనే ఎక్కువ. అందుకే ఈ వ్యాసం దాని గురించే.

తెర వెనక ఏం జరుగుతుంది

కార్డు ఆఫర్లలో మళ్లీ రెండు రకాలు. డబ్బు కట్టే పేజీలోనే బిల్లు తగ్గిపోతే అది ఇన్‌స్టంట్ డిస్కౌంట్. ఇందులో తర్వాత అడగడానికంటూ ఏమీ ఉండదు. ఓటీపీ కొట్టేముందు మొత్తం తగ్గిందా లేదా చూసుకోవాలి. తగ్గకపోతే అక్కడే ఆగిపోవాలి. పూర్తి డబ్బు కట్టేసి, తర్వాత ‘నాకు డిస్కౌంట్ రాలేదు’ అంటే బ్యాంకు ఒప్పుకోవడం చాలా కష్టం.

రెండోది, ఇప్పుడు పూర్తిగా కట్టించుకుని తర్వాత కార్డు ఖాతాలో జమ చేసే క్యాష్‌బ్యాక్. ఈ జమ తారీఖు నియమాల్లోనే రాసి ఉంటుంది. ‘ఆఫర్ ముగిసిన 90 రోజుల్లోగా’ అనేది తరచూ కనిపించే మాట. ఆర్డరు పెట్టిన రోజు నుంచి కాదు, డెలివరీ రోజు నుంచీ కాదు, ఆఫర్ ముగిసిన రోజు నుంచి. అక్టోబరు 2న ముగిసిన ఆఫర్‌కు గడువు డిసెంబరు 31 దాకా ఉన్నట్టు. నవంబరులో ఫోన్ చేస్తే ‘వెయిట్ చేయండి’ అనే జవాబు తప్ప మరొకటి రాదు, అప్పుడు ఆ జవాబు న్యాయమైనదే.

ఇంత గడువు ఎందుకంటే, ఎవరెవరికి ఇవ్వాలో బ్యాంకుకు సొంతంగా తెలియదు. మన కార్డు మీద ఇంత మొత్తం పోయిందని దానికి తెలుసు. ఆ మొత్తంలో వాషింగ్ మెషీన్ ఉందో చీర ఉందో, దాన్ని తర్వాత వెనక్కి ఇచ్చామో లేదో తెలియదు. అది తెలిసింది సైటుకు. అందుకని సాధారణంగా రిటర్న్ గడువులు అన్నీ దాటాక, రద్దయినవీ వెనక్కి వచ్చినవీ తీసేసి, అర్హమైన లావాదేవీల జాబితా తయారవుతుంది. బ్యాంకు దాన్ని తన దగ్గరున్న లావాదేవీలతో సరిపోల్చుకుని జమ వేస్తుంది. మన పేరు జారిపోయేది చాలాసార్లు ఈ సరిపోల్చే చోటే.

ఇది తెలిస్తే కస్టమర్ కేర్ మాటలకు అర్థం తెలుస్తుంది. ‘మీ లావాదేవీ ఎలిజిబుల్ కాదని చూపిస్తోంది’ అని వాళ్లంటే, ఎవరో కూర్చుని మన కాగితాలు చదివి కాదన్నారని కాదు. జాబితాలో మన వరుస లేదని మాత్రమే. ఎందుకు లేదో అడిగి రాబట్టుకోవాలి.

న్యాయంగానే రాని సందర్భాలూ ఉన్నాయి, అవీ చూసుకోవాలి. కనీసం 20,000 కొనాలని ఉంటే అది ఒకే లావాదేవీలో కొనాలి. 12,000 ఒకటి, 9,000 ఒకటి రెండు ఆర్డర్లు పెడితే కలపరు. పైగా చూసేది సరుకు ధర కాదు, కార్డు మీద పడిన మొత్తం. వస్తువుల విలువ 20,800 ఉండి, అందులో 1,000 పాత గిఫ్ట్ కార్డు నుంచి దానంతట అదే తగ్గిపోతే, కార్డుకు పడేది 19,800. ఆఫర్ పోయినట్టే. అదే కార్డును నేరుగా వాడకుండా ఏదైనా వాలెట్ ద్వారానో, రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపో కట్టినా చాలా ఆఫర్లు వర్తించవు. ఈఎంఐకి ఒక పరిమితి, పూర్తిగా కడితే ఇంకో పరిమితి ఉండటం మామూలే. పూర్తిగా కట్టి, తర్వాత బ్యాంకు యాప్‌లో ఈఎంఐగా మార్చుకున్నవాళ్లను ఈఎంఐ ఆఫర్ కింద లెక్కపెట్టరు. ఇంట్లో ఆడవాళ్ల పేరున తీసుకున్న యాడ్ ఆన్ కార్డుకు వేరే వాటా వస్తుందనుకుంటారు. ఎక్కువ ఆఫర్లలో అసలు కార్డుకూ దానికీ కలిపి ఒకటే గరిష్ఠ పరిమితి.

రివార్డ్ పాయింట్ల సంగతి కొంచెం తేడా. అక్కడ అడ్డం పడేది దుకాణం వర్గం. ప్రతి వ్యాపారికీ కార్డుల వ్యవస్థలో ఒక కోడ్ ఉంటుంది. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో డబ్బు వేసుకోవడం, ప్రభుత్వానికి కట్టే పన్నులు లాంటి వర్గాలకు చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. మనం చూసిన బోర్డు ఒకటి, ఆ దుకాణం నమోదైన వర్గం ఇంకొకటి అయితే పాయింట్లు రావు. ఆ లావాదేవీ ఏ వర్గం కింద పడిందో చెప్పమని బ్యాంకును అడగవచ్చు.

మా వదిన మిక్సీ కథ

జాబితాలోంచి పేరు ఎలా జారిపోతుందో, జారిపోయినదాన్ని ఎలా తిరిగి రాబట్టుకోవచ్చో మా వదిన అనుభవం బాగా చెబుతుంది. సైటు పేరు, బ్యాంకు పేరు ఇక్కడ అవసరం లేదు. అక్టోబరు 2న ముగిసిన దసరా సేల్‌లో ఆవిడ 18,990 పెట్టి వాషింగ్ మెషీన్, 2,890 పెట్టి మిక్సీ ఒకే ఆర్డరులో తీసుకుంది. మొత్తం 21,880. సైటు ఇచ్చిన 500 కూపన్ పోగా కార్డుకు పడింది 21,380. ఆఫర్ ఏమిటంటే, ఒకే లావాదేవీలో 20,000 దాటితే 10 శాతం, గరిష్ఠంగా 2,000. పది శాతం లెక్కన 2,138 వస్తుంది, పరిమితి ఉంది కాబట్టి రావాల్సింది 2,000.

మిక్సీ జారు పగిలి వచ్చింది. సైటులో ‘రీప్లేస్‌మెంట్’ నొక్కింది, నాలుగు రోజుల్లో కొత్తది తెచ్చి పాతది పట్టుకుపోయారు. డబ్బు వెనక్కి రాలేదు, రావాల్సిన పనీ లేదు. ఆవిడ దాన్ని మర్చిపోయింది.

జనవరి స్టేట్‌మెంట్‌లో క్యాష్‌బ్యాక్ లేకపోయేసరికి బ్యాంకుకు ఫోన్ చేసింది. ‘మేడమ్, మీ ఆర్డరులో రిటర్న్ ఉంది, కాబట్టి ఎలిజిబుల్ కాదు’ అన్నారు.

‘రిటర్న్ ఏంటమ్మా, మార్చి ఇచ్చారు. డబ్బేమీ వెనక్కి ఇవ్వలేదు’ అంది వదిన.

‘సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది మేడమ్.’

సిస్టమ్‌లో అలా ఎందుకు చూపించిందో ఆర్డరు పేజీ తెరిస్తే తెలిసింది. చాలా సైట్లలో రీప్లేస్‌మెంట్ అంటే పాత వస్తువును రిటర్న్‌గా నమోదు చేసి, కొత్త వస్తువును సున్నా ధరతో వేరే ఆర్డరుగా పంపుతారు. లోపల వాడుకునే లెక్కకు అది సరే. కానీ జాబితా తీసేటప్పుడు మిక్సీ రిటర్న్ అయినట్టు లెక్కకొచ్చింది. మిగిలింది 20,000 కన్నా తక్కువ. పేరు ఎగిరిపోయింది. మోసం ఏమీ లేదు, ఎవరూ కావాలని చేయలేదు. అయినా 2,000 పోయింది.

ఇక్కడ వదిన చేసిన మంచి పని, ఫోన్లో వాదించడం ఆపేసి రాతలోకి దిగడం. రుజువులుగా మూడు తీసుకుంది. ఒకటి, అసలు ఇన్‌వాయిస్. రెండు, సైటులో రీప్లేస్‌మెంట్ ఆర్డరు పేజీ, అందులో సున్నా ధర కనిపించేలా. మూడు, అక్టోబరు నుంచి జనవరి దాకా కార్డు స్టేట్‌మెంట్లు. అసలు బలం ఈ మూడోదానిలోనే ఉంది. డబ్బు నిజంగా వెనక్కి వచ్చి ఉంటే ఆ వ్యాపారి పేరుతో కార్డు ఖాతాలో జమ కనబడాలి. కనబడలేదు. అంటే 21,380 పూర్తిగా ఆ వ్యాపారికే మిగిలింది. బ్యాంకు తన సొంత కాగితాన్ని కాదనలేదు కదా.

బ్యాంకుకు ఆవిడ పంపిన ఈమెయిల్ సారాంశం ఇది. ఎవరికైనా పనికొస్తుందని ఇస్తున్నాను:

‘నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. ఫలానా తేదీన ఫలానా సైటులో ఒకే లావాదేవీలో 21,380 రూపాయలు చెల్లించాను. మీ దసరా ఆఫర్ నియమాల్లో 3వ అంశం ప్రకారం నాకు 2,000 క్యాష్‌బ్యాక్ రావాలి. 7వ అంశం ప్రకారం అది డిసెంబరు 31లోగా జమ కావాలి, కాలేదు. ఆర్డరులో ఒక వస్తువు రిటర్న్ అయిందని మీ ప్రతినిధి చెప్పారు. అది రీప్లేస్‌మెంట్ మాత్రమే. ఆ వ్యాపారి నుంచి నా కార్డు ఖాతాలోకి ఏ రీఫండూ రాలేదని జత చేసిన స్టేట్‌మెంట్లు చూపుతాయి. 2,000 జమ చేయండి. కాదంటే, నియమాల్లోని ఏ అంశం ప్రకారం కాదంటున్నారో రాతపూర్వకంగా తెలియజేయండి. ఫిర్యాదు నంబరు ఇవ్వండి.’

ఇందులో కోపం లేదు, ‘నేను పదేళ్ల నుంచి మీ కస్టమర్ని’ లాంటి మాటలూ లేవు. లావాదేవీ, నియమం, గడువు, రుజువు, కోరిక. అంతే. ‘ఏ అంశం ప్రకారం కాదంటున్నారో చెప్పండి’ అన్న వాక్యాన్ని మాత్రం ఎవరూ వదలకూడదు. రెడీమేడ్ జవాబులు పంపేవాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగిపోతారు. జవాబు రాయాలంటే ఎవరో ఒకరు నియమాలు తెరిచి చదవాల్సిందే.

మొదటి జవాబు మళ్లీ ‘ఎలిజిబుల్ కాదు’ అనే వచ్చింది. దాన్నే పైన పెట్టి, బ్యాంకు వెబ్‌సైటులో ఉన్న నోడల్ అధికారి చిరునామాకు పంపింది. అక్కడ ఒక మనిషి చదివినట్టున్నారు. ఆ తర్వాతి స్టేట్‌మెంట్‌లో 2,000 జమ కనిపించింది.

ఆ సందర్భంగా ఒక చిన్న హెచ్చరిక. జమ పడ్డ ఆ 2,000ను ఆ నెల బిల్లు కట్టినట్టుగా చాలా బ్యాంకులు లెక్కించవు. కనీసం కట్టాల్సిన మొత్తం మినిమమ్ డ్యూ ఎంత ఉంటే అంత మనం విడిగా కట్టాల్సిందే. క్యాష్‌బ్యాక్ వచ్చింది కదా అని ఊరుకుంటే, వచ్చినదానిలో కొంత లేట్ ఫీజుకు పోతుంది.

ఆఫర్ పేజీ మాయమవుతుంది

వదిన మెయిల్లో 3వ అంశం, 7వ అంశం అని రాయగలిగింది ఎందుకంటే, కొన్న రోజే నియమాల పేజీని దాచుకుంది. చాలామంది దగ్గర లేనిది ఇదే. ఆఫర్ బ్యానర్ స్క్రీన్‌షాట్ మాత్రం ఉంటుంది. బ్యానర్ మీద ‘నియమాలు వర్తిస్తాయి’ అని ఉంటుంది తప్ప నియమాలు ఉండవు. సేల్ అయిపోయాక ఆ లింకు నొక్కితే ‘పేజీ లేదు’ అని వస్తుంది. ఇక బ్యాంకు చెప్పిందే నియమం.

ఇందుకు పెద్ద శ్రమ పడక్కర్లేదు. డబ్బు కట్టే ముందు నియమాల లింకు నొక్కి, ఫోన్ బ్రౌజర్లో ‘ప్రింట్’ అని ఇచ్చి పీడీఎఫ్‌గా దాచుకోవాలి. స్క్రీన్‌షాట్లయితే పేజీ మొత్తం వచ్చేలా, తేదీ కనబడేలా తీయాలి. కట్టే పేజీలో ‘క్యాష్‌బ్యాక్ ఆఫర్ అప్లైడ్’ అన్న మాట కనబడితే అదీ తీసి పెట్టుకోవాలి. అన్నింటినీ ఒక మెయిల్‌లో పెట్టి మనకు మనమే పంపుకుంటే, తేదీతో సహా ఎప్పటికీ ఉంటాయి. దాచుకోనివాళ్లు బ్యాంకు పంపిన ఆఫర్ మెయిళ్లు, మెసేజ్‌లు వెతకాలి. web.archive.org లో ఆ పేజీ చిరునామా పెట్టి చూస్తే పాత ప్రతి దొరికే అవకాశం ఉంది. అదీ దొరక్కపోతే, ఆఫర్ నియమాల ప్రతి పంపమని బ్యాంకునే రాతపూర్వకంగా అడగాలి.

నియమాల్లో ఇంకో వాక్యం కోసం వెతకండి. ‘జమ కాలేదన్న ఫిర్యాదులు ఫలానా తేదీలోగా ఇవ్వాలి, తర్వాత స్వీకరించం’ అని చాలా ఆఫర్లలో ఉంటుంది. జమ గడువు 90 రోజులు, ఆ పైన ఫిర్యాదు గడువు ఇంకో 30 రోజులు ఉంటే, మనకు నిజంగా చేతిలో ఉన్నది ఆ నెల మాత్రమే. ఆర్డరు పెట్టిన రోజే ఫోన్ క్యాలెండర్లో ఆ రెండు తారీఖులకూ గుర్తు పెట్టుకోవాలి. మూడు నెలల తర్వాత ఏ కొనుగోలు మీద ఎంత రావాలో ఎవరికీ గుర్తుండదు, ఆఫర్ పెట్టేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

బ్యాంకు కాదంటే

బ్యాంకు ఫిర్యాదును తోసిపుచ్చినా, ఇచ్చిన జవాబు మనకు నచ్చకపోయినా, 30 రోజులు దాటినా జవాబే ఇవ్వకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టాలి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448 నంబరు ఉంది. ఒక షరతు గుర్తుంచుకోవాలి: ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. ఫోన్లో అరిచింది లెక్కలోకి రాదు. అందుకే ఫిర్యాదు నంబరు, మెయిల్ తేదీ అంత ముఖ్యం. నేరుగా అంబుడ్స్‌మన్‌కు రాసినవాళ్ల ఫిర్యాదులు విషయం చూడకుండానే వెనక్కి వస్తాయి.

ఎవరికి ఎంత క్యాష్‌బ్యాక్ పెట్టాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాంట్లో అంబుడ్స్‌మన్ తలదూర్చరు. ‘ఈ ఆఫర్ నాకెందుకు ఇవ్వలేదు’ అంటే వినరు. ‘ఇస్తామని రాసి, నేను షరతు తీర్చాక ఇవ్వలేదు’ అంటే అది సేవాలోపం. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా కనబడాలి.

బాకీ బ్యాంకుది కాకుండా షాపింగ్ యాప్‌ది అయితే దారి వేరు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకాల వేదికా ఒక గ్రీవెన్స్ అధికారిని పెట్టి, పేరూ వివరాలూ తన సైటులో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో ఆ అధికారి తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. యాప్‌లో చాట్ పెట్టె దగ్గరే తిరుగుతూ ఉండిపోకుండా, పేజీ అట్టడుగున ఉండే ఆ అధికారి ఈమెయిల్ పట్టుకోవాలి. అక్కడా పని కాకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు తెప్పిస్తారు. చిన్న మొత్తాలకు చాలాసార్లు అది చాలు. కంపెనీలో మన ఫిర్యాదు చాట్ వాళ్ల చేతుల్లోంచి ఇంకో బల్ల మీదికి వెళ్తుంది.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న ఊరి జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా ముంబైలో ఉన్నా సరే. e-jagriti.gov.in లో ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. ఒకే సమయంలో అంబుడ్స్‌మన్ దగ్గరా కమిషన్ దగ్గరా నడపడం కుదరదు, ఒకటే ఎంచుకోవాలి. రెండు వేల కోసం కమిషన్‌కు వెళ్లమని నేను అందరికీ చెప్పను. వాయిదాలకు పోయే సమయం ఖరీదు కూడా ఉంటుంది కదా. అయితే మెయిల్ చివర ‘పరిష్కారం కాకపోతే అంబుడ్స్‌మన్‌కు, లేదా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను’ అని ఒక్క వాక్యం రాయడానికి ఖర్చేమీ లేదు.

ఆ వాక్యం వెనక చట్టం బలంగానే ఉంది. బహుమతులు, కానుకలు, ఇతర వస్తువులు ఇస్తామని చెప్పి, చెప్పినట్టు ఇచ్చే ఉద్దేశం లేకుండా ప్రకటించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) అన్యాయ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. దీన్ని ఆచరణలో ఎలా చూస్తారో 2025 ఆగస్టులో తేలింది. ‘5 నిమిషాల్లో ఆటో, లేదంటే 50 రూపాయలు’ అని ర్యాపిడో ప్రకటన ఇచ్చింది. హైదరాబాద్, విజయవాడల్లో ఆ యాప్ వాడనివాళ్లు తక్కువ. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ విచారిస్తే, 50 రూపాయలు అంటే ‘50 వరకు’ అని తేలింది. అదీ రూపాయల్లో కాదు, ర్యాపిడో కాయిన్లలో. ఆ కాయిన్లు బైక్ ప్రయాణాలకే చెల్లుతాయి, అదీ ఏడు రోజుల్లో. ఈ షరతులు చదవడానికి వీల్లేనంత చిన్న అక్షరాల్లో ఉన్నాయని సంస్థ తప్పుపట్టింది. 10 లక్షల జరిమానా వేసి, ఆ ఆఫర్ వాడుకుని 50 రూపాయలు అందనివాళ్లకు పూర్తి మొత్తం తిరిగి ఇవ్వాలని ఆదేశించింది.

సంస్థ ఆ విచారణలో చూసినది 50 రూపాయల ఆఫర్ అని గమనించండి. పెద్దక్షరాల్లో రూపాయలు అని చెప్పి, చిన్నక్షరాల్లో వాటిని గడువున్న కాయిన్లుగా మార్చడం కుదరదు. 2022లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: ప్రకటనలో చెప్పిన మాటకు చిన్నక్షరాల వివరణ విరుద్ధంగా ఉండకూడదు, ముఖ్యమైన విషయాన్ని దాచడానికి వాడకూడదు. మీకు నగదు అని చెప్పి వారం రోజుల్లో గడువు తీరే కూపన్ ఇస్తే, ఫిర్యాదులో ఈ మాట ప్రస్తావించవచ్చు.

గూగుల్‌లో నంబరు వెతక్కండి

క్యాష్‌బ్యాక్ రాలేదని తిరిగేవాళ్ల కోసం కాచుకుని కూర్చున్న మోసగాళ్లు వేరే ఉన్నారు. ఫలానా బ్యాంకు కస్టమర్ కేర్ అని ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనిపించే నంబర్లలో కొన్ని వాళ్లవే. ఫోన్ ఎత్తగానే మర్యాదగా మాట్లాడతారు, ఆర్డరు నంబరు అడుగుతారు, ‘మీ 2,000 ఇప్పుడే పంపుతున్నాను సార్, ఒక యాప్ వేసుకోండి’ అంటారు, లేదా యూపీఐ పిన్ కొట్టమంటారు. ఆ యాప్ మన ఫోన్ తెరను వాళ్లకు చూపిస్తుంది. పిన్ కొట్టగానే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. క్యాష్‌బ్యాక్ జమ చేయడానికి ఓటీపీ అవసరమే లేదు, కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీ అంతకన్నా లేదు. వాటిలో ఏది అడిగినా ఫోన్ పెట్టేయాలి.

బ్యాంకు నంబరు కార్డు వెనకే అచ్చయి ఉంటుంది. నోడల్ అధికారి చిరునామా బ్యాంకు అసలు వెబ్‌సైటులో ఉంటుంది, ఆ వెబ్‌సైటు పేరు కార్డు స్టేట్‌మెంట్ మీద ఉంటుంది. అక్కడినుంచి తీసుకున్న నంబరుకే ఫోన్ చేయండి. ఒకవేళ ఇప్పటికే డబ్బు పోయి ఉంటే, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరు సైబర్ మోసాల ఫిర్యాదులదే. పోయిన డబ్బు ఇంకా చేతులు మారకముందే చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ.